గండిపేట బార్ చార్ట్‌లో బార్ రెట్టింపైతే నీళ్లు రెట్టింపైనట్టేనా?

పేపర్లో గండిపేట చెరువు, అంటే ఉస్మాన్‌సాగర్, నీటిమట్టం బార్ చార్ట్ ఫోటో తీశాను. జూన్ బార్ కంటే ఆగస్టు బార్ రెట్టింపు పొడవుంది. అంటే నీళ్లు రెట్టింపయ్యాయా?

అలా చెప్పలేం. నిలువు గీత సున్నా దగ్గర మొదలవకపోతే బార్ల పొడవును పోల్చి ఎన్ని రెట్లో చెప్పలేం, వాటి కొసలు ఏ అంకె దగ్గర ఆగాయో చూడాలి.

ఈ చార్ట్‌లో ప్రమాణం అడుగులు. అయితే అది చెరువు లోతు కాదు, సముద్రమట్టం నుంచి నీటి ఉపరితలం ఎత్తు. గండిపేట పూర్తి మట్టం 1790 అడుగులు. సున్నా నుంచి గీస్తే బార్లన్నీ దాదాపు ఒకే ఎత్తులో కనిపిస్తాయి కాబట్టి కింద కత్తిరిస్తారు. ఇక్కడ అది తప్పేమీ కాదు.

ఉదాహరణకు గీత 1775 దగ్గర మొదలైందనుకుందాం. జూన్‌లో 1780, ఆగస్టులో 1785. కంటికి కనిపించేది 5 గడులు, 10 గడులు, అంటే రెట్టింపు. నిజంగా పెరిగింది 5 అడుగులు, నిండడానికి ఇంకా 5 అడుగులు కావాలి.

ఆ 5 అడుగుల్లో ఎన్ని నీళ్లు చేరాయన్నది ఈ చార్ట్ చెప్పదు. చెరువు గిన్నెలా పైకి వెడల్పవుతుంది, కాబట్టి పై అడుగులో పట్టే నీళ్లు కింది అడుగుకంటే ఎక్కువ. నీటి పరిమాణానికి టీఎంసీల్లో ఉన్న చార్ట్ చూడాలి, అది మాత్రం సున్నా నుంచే మొదలవాలి.

ఫోటోలో తరచూ పోయేది గీత మొదలయ్యే ఆ కింది అంకే: పేజీ మడతలో పడుతుంది, లేదా ఫ్రేములోకి రాదు. ఫోన్ వాల్చి తీస్తే దగ్గరి బార్లు పెద్దవిగా కూడా కనిపిస్తాయి. అడ్డగీతల వెంట అంకె దాకా వెళ్లి చదవండి.