మందుల పేరాను పూటల టేబుల్‌గా మార్చడమెలా?

ప్రశ్న: మా నాన్నగారికి 76 ఏళ్లు. డిశ్చార్జ్ కాగితంలో మందులన్నీ ఒకే పేరాలో రాశారు: “లెవోథైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు పరగడుపున, మెట్‌ఫార్మిన్ 500 రోజుకు రెండుసార్లు తిన్నాక, కాల్షియం రోజుకొకటి, అటార్వాస్టాటిన్ 10 రాత్రి, ప్రెడ్నిసొలోన్ 20 మి.గ్రా. ఉదయం తిన్నాక 5 రోజులు, తర్వాత 10 చొప్పున 5 రోజులు, తర్వాత 5 చొప్పున 5 రోజులు, ఆపై బంద్. నొప్పి ఉంటే పారాసెటమాల్.” ఆయన ఎవరినీ అడక్కుండా వేసుకునేలా దీన్ని టేబుల్‌గా చేయడమెలా?

జవాబు: ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ చాలు. కాకపోతే రెండు షీట్లు కావాలి. మొదటిది మీకు, రెండోది నాన్నగారికి. ఒక్కదానితో సరిపెడదామని చూస్తే అది ఇద్దరికీ పనికిరాదు.

మొదటి షీట్‌లో ఒక్కో మందుకు ఒక్కో వరుస ఇవ్వండి. పేరు, స్ట్రిప్ మీద ఉన్న పవర్, ఒక్కసారికి ఎన్ని మాత్రలు, ఏ పూట, తినకముందా తిన్నాకా, ఎప్పటి వరకు అన్నవి కాలమ్‌లు. కాగితంలో ఉన్నదే రాయండి, లేనిది ఊహించి నింపకండి. నింపుతుంటేనే ఖాళీలు బయటపడతాయి. కాల్షియం ఏ పూటో రాయలేదు. అది లెవోథైరాక్సిన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వదు కాబట్టి రెంటికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉంచమంటారు. అందుకే మధ్యాహ్నం భోజనం తర్వాత పెట్టవచ్చా అని అడగండి. మెట్‌ఫార్మిన్ రెండు పూటలు ఉదయం, రాత్రేనా అన్నది కూడా. ఈ ఖాళీ గడులకు పసుపు రంగు వేసుకుని, డాక్టర్‌కో ఫార్మసిస్ట్‌కో ఒకేసారి ఫోన్ చేస్తే సరిపోతుంది.

ప్రెడ్నిసొలోన్ దగ్గర జాగ్రత్త. పెద్దవాళ్లకు మిల్లీగ్రాములతో పని లేదు, ఎన్ని మాత్రలో చెప్పాలి. మీ దగ్గరున్నది 5 మి.గ్రా. స్ట్రిప్ అయితే మొదట 4, తర్వాత 2, తర్వాత 1. అదే 10 మి.గ్రా. స్ట్రిప్ అయితే లెక్క మొత్తం మారిపోతుంది. తేదీలను వేళ్ల మీద లెక్కపెట్టకండి. జూన్ 3న మొదలైన 5 రోజులు 7తో అయిపోతాయి, చాలామంది 8 అని రాసేస్తారు. ఈ లెక్క కోసం ఒక ఖాళీ ట్యాబ్ తెరిచి, B2లో మొదలుపెట్టే తేదీ, C2లో రోజులు రాసి, D2లో ఆఖరి రోజు కోసం, B3లో తర్వాతి మోతాదు మొదలు కోసం ఇవి ఇవ్వండి:

```
D2: =B2+C2-1
B3: =D2+1
```

తేదీని 3-Jun-2026 అని నెల పేరుతో టైప్ చేయండి. 3/6 అని కొడితే కొన్ని సెట్టింగ్‌లలో మార్చి 6 అయిపోతుంది. ఇలాంటిదే ఇంకో తలనొప్పి: అర మాత్ర అని 1/2 కొట్టినా, మూడు పూటలకూ ఒకటని 1-1-1 కొట్టినా అవి తేదీలుగా మారిపోతాయి. ముందు ఆ గడుల ఫార్మాట్‌ను టెక్స్ట్‌గా మార్చండి. ప్రింట్‌లో మాత్రం “అర” అని అక్షరాల్లోనే ఉండాలి.

రెండో షీట్‌లో వరుసలు మందులవి కావు, పూటలవి. డాక్టర్ సరే అన్నారనుకుంటే మొదటి దశ ఇలా వస్తుంది:

నిద్ర లేవగానే, పరగడుపున: లెవోథైరాక్సిన్ 1. మొత్తం 1
ఉదయం తిన్నాక: మెట్‌ఫార్మిన్ 1, ప్రెడ్నిసొలోన్ 4. మొత్తం 5
మధ్యాహ్నం తిన్నాక: కాల్షియం 1. మొత్తం 1
రాత్రి తిన్నాక: మెట్‌ఫార్మిన్ 1, అటార్వాస్టాటిన్ 1. మొత్తం 2

ఆ “మొత్తం” అన్నది పెద్ద అక్షరాల్లో పెట్టండి. నాన్నగారు అరచేతిలో మాత్రలు లెక్కపెట్టుకుని నోట్లో వేసుకుంటారు. మీకు కూడా అదే చెక్. రోజుకు 9 మాత్రలు, మొదటి షీట్ లెక్కతో కలవాలి. ప్రెడ్నిసొలోన్ తగ్గేకొద్దీ 7, 6, చివరికి 5. కోర్సు మొత్తానికి 5 మి.గ్రా. మాత్రలు 35 పడతాయి. కొన్నవి అంతకు తక్కువగానో ఎక్కువగానో ఉంటే మందుల షాపులోనే అడగండి.

తగ్గింపు అంతా ఒకే పేజీలో ఇరికించవద్దు. ఈ కేసుకు నాలుగు పేజీలు ప్రింట్ చేయండి. పైన “జూన్ 3 నుంచి 7 వరకు” అని పెద్దగా ఉండాలి. తేదీ దాటగానే పాత పేజీ చింపేయండి, గోడ మీద ఒక్కటే ఉండాలి. A4 అడ్డంగా, ఫాంట్ 20కి తగ్గకుండా, తెలుపు మీద నలుపు. రంగులతో పూటలు చూపించడం నాకు నచ్చదు, చూపు మసకైన వాళ్లకు నీలం, ఆకుపచ్చ ఒకేలా కనిపించవచ్చు. పేరు స్ట్రిప్ మీద ఉన్నట్టే రాయండి. వచ్చే నెల షాపువాళ్లు వేరే కంపెనీది ఇస్తే ఆ రోజే పేజీ మార్చాలి, లేకపోతే పాతదీ కొత్తదీ రెండూ వేసుకునే ప్రమాదం ఉంది.

పారాసెటమాల్‌ను మాత్రం పై వరుసల్లో చేర్చకండి, చేరిస్తే రోజూ వేసుకుంటారు. పేజీ అడుగున వేరే బాక్స్ గీసి “నొప్పి ఉంటేనే” అని రాసి, వేసుకున్న టైమ్ నోట్ చేసుకోవడానికి గీతలు పెట్టండి. ఒకదానికీ ఇంకోదానికీ ఎన్ని గంటల ఎడం ఉండాలి, రోజుకు గరిష్ఠంగా ఎన్ని అన్నవి డాక్టర్‌ను అడిగాకే ఆ బాక్స్‌లో రాయండి.