‘అతను’ అని చెప్పే కథలో కథకుణ్ణి అనుమానించవచ్చా?

సందేహం: ‘నేను’ అని చెప్పే కథల్లోనే నమ్మదగని కథకుడు ఉంటాడని మా తరగతిలో చెప్పారు. ‘అతను’, ‘ఆమె’ అని సాగే కథల్లో ఉండడా? కథకుణ్ణి నమ్మకూడదని దేన్నిబట్టి తెలుసుకోవాలి?

సమాధానం: ‘నేను’ అని చెబితే ఉత్తమ పురుష కథనం, ‘అతను’ అని చెబితే ప్రథమ పురుష కథనం. మన వ్యాకరణంలో ప్రథమ పురుష అంటే ‘వాడు, ఆమె’ అని మరిచిపోకండి. ఇంగ్లీషు పుస్తకాలు చదివే విద్యార్థులు దీన్ని తరచూ తారుమారు చేస్తుంటారు.

‘నమ్మదగని కథకుడు’ అనే భావనకు 1961లో పేరు పెట్టింది అమెరికన్ విమర్శకుడు వేన్ బూత్. ఆ పేరు విని, అటువంటి కథకుడు అబద్ధాలకోరని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువ కథల్లో అతను జరిగింది జరిగినట్టే చెబుతాడు. పొరపాటంతా దానికి అతను చెప్పుకునే అర్థంలో ఉంటుంది. ‘బారిష్టర్ పార్వతీశం’లో పార్వతీశం ముచ్చటపడి టోపీ కొంటాడు. అది దొరసానులు పెట్టుకునే టోపీ. చూసినవాళ్లు నవ్వుతారు. ఆ నవ్వును కూడా మనకు చెప్పేది పార్వతీశమే. అతని మాటల్లోంచే అతనికి తట్టని సంగతి మనకు తడుతుంది. ఇది అమాయకత్వం వల్ల వచ్చిన లోపం, ఇందులో దాపరికం లేదు.

దాపరికం ఉన్నచోట పని కష్టం. ఈ నాలుగు మాటలు చూడండి. ఉదాహరణ కోసం నేనే రాశాను:

“మా తమ్ముడంటే నాకు ప్రాణం. వాడి చదువు నేనే మాన్పించానని అందరూ అనుకుంటున్నారట. వాడికే చదువు మీద ఇష్టం లేదు. పుస్తకాల పెట్టె అటక మీద పెట్టించాను, పాడవకుండా ఉంటాయని. ఇప్పటికీ ఇంటికి వస్తే ఆ అటక వైపు ఒకసారి చూడందే వాడు కూర్చోడు.”

ఇందులో జరిగిన సంగతులను ఒక పక్క, అభిప్రాయాలను మరో పక్క పెట్టండి. అన్న పెట్టెను అటక ఎక్కించాడు. తమ్ముడు వచ్చిన ప్రతిసారీ అటు చూస్తాడు. ఈ రెండూ సంగతులు, వీటిని అనుమానించనక్కరలేదు. ‘వాడికే ఇష్టం లేదు’ అన్నది అన్న అభిప్రాయం. ఇష్టం లేనివాడు అటక వైపు ఎందుకు చూస్తాడు? అన్న చెప్పిన సంగతే అన్న అభిప్రాయాన్ని కొట్టేసింది. ఇక ఎవరూ అడగకుండానే చెప్పిన కారణం ఉంది: ‘పాడవకుండా ఉంటాయని’. ‘అనుకుంటున్నారట’లోని ‘అట’ చూడండి. తన మీద ఉన్న నిందను చెప్పక తప్పలేదు, కానీ అది పరాయి మాట అన్నట్టు దూరంగా నెట్టేశాడు. తెలుగు కథల్లో ‘అట’, ‘కాబోలు’, ‘పాపం’ వంటి మాటల దగ్గర ఒక్క క్షణం ఆగితే చాలా దొరుకుతుంది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఆ పేరానే ప్రథమ పురుషలోకి మార్చి చూద్దాం: “అతనికి తమ్ముడంటే ప్రాణం. పెట్టెను అటక మీద పెట్టించాడు. వాడికే చదువు మీద ఇష్టం లేదు.” చివరి వాక్యానికి ‘అనుకున్నాడు’ అన్న తోక లేదు. అయినా అది ఎవరి తలపో ‘వాడికే’ అన్న మాట పట్టిస్తుంది. అన్నను ‘అతను’ అన్న కథకుడు తమ్ముణ్ణి ‘వాడు’ అనడానికి కారణం లేదు. ఆ పిలుపు అన్నది. అంటే మాట కథకుడిది, చూపు పాత్రది. ఇక్కడ మనం అనుమానించేది పాత్ర చూపును. కథకుడు నమ్మదగినవాడే. పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ ఇందుకు మంచి పాఠం. కథ ప్రథమ పురుషలోనే నడుస్తుంది, కానీ మనం చాలావరకు రావుగారి కళ్లతోనే చూస్తాం. రైల్లో అడుక్కునే స్త్రీ పట్ల ఆయన చిరాకు, తన నియమాల మీద ఆయనకున్న నమ్మకం కథ మొదట్లో మనకూ సబబుగానే తోస్తాయి. తుపాను రాత్రి వాటిని కూలదోస్తుంది. అయినా కథకుడు మనల్ని మోసగించాడని అనలేం. రావుగారి తీర్పును తన తీర్పుగా ఆయన ఎక్కడా ముద్ర వేయలేదు.

కాబట్టి పరీక్షలో ప్రథమ పురుష కథ గురించి రాసేటప్పుడు ‘నమ్మదగని కథకుడు’ అనే బదులు ‘పాత్ర దృష్టికోణానికి పరిమితమైన కథనం’ అంటే చాలా కథలకు సరిపోతుంది. చెప్పే గొంతే పక్షపాతంతో సంగతులను దాస్తున్నదని కథలో ఆధారం దొరికితేనే మొదటి మాట వాడండి. ఆధారం అంటే కథలోని వాక్యమే. కథకుడి అభిప్రాయాలు మీకు నచ్చకపోవడం ఆధారం కాదు. మనకు సుతరామూ గిట్టని అభిప్రాయాలున్న కథకుడు కూడా తన కథ వరకు పూర్తిగా నమ్మదగినవాడు కావచ్చు.