గర్భం వచ్చిందని డిప్రెషన్ మాత్ర మానేశాను.. ఏం చేయాలి?

నాకు 29 ఏళ్లు. రెండేళ్లుగా డిప్రెషన్‌కు సెర్ట్రాలిన్ 50 ఎం.జి. వాడుతున్నాను. నిరుడు మానేస్తే రెండు నెలల్లోనే తిరగబెట్టింది. ఇప్పుడు ఏడో వారం. బిడ్డకు మంచిది కాదని అత్తయ్య అంటే నాలుగు రోజులుగా మాత్ర వేసుకోవట్లేదు. తల తిరుగుతోంది, ఊరికే ఏడుపొస్తోంది. బిడ్డ గురించి టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, వరంగల్

ఈరోజే మీ సైకియాట్రిస్టుకు ఫోన్ చేయండమ్మా. నాలుగు రోజులే ఆపారు కాబట్టి మామూలుగా పాత మోతాదునే మళ్లీ మొదలుపెడతారు.

ఇప్పుడు తల తిరగడం, ఏడుపు రావడం చాలావరకు మందు ఒక్కసారిగా ఆపినందువల్లే. తలలో కరెంటు కొట్టినట్లు ఉందని కూడా కొందరు చెబుతారు. ఇవి ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతాయి. అప్పుడు ‘మందు లేకుండానే బాగున్నాను’ అనిపిస్తుంది. నాకు భయం అక్కడే. అసలు జబ్బు కొన్ని వారాల తర్వాత మెల్లగా వస్తుంది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది, అన్నం సహించదు, చెకప్‌కు వెళ్లడానికీ ఓపిక ఉండదు. అలా వదిలేస్తే నెలలు నిండకుండా కాన్పయ్యే అవకాశం, కాన్పు తర్వాత డిప్రెషన్ ముదిరే అవకాశం పెరుగుతాయి.

2006లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, గర్భంతో ఉండి మందు ఆపినవాళ్లలో నూటికి 68 మందికి జబ్బు తిరగబెట్టింది. కొనసాగించినవాళ్లలో 26 మందికి. వాళ్లు పదే పదే జబ్బుపడినవాళ్లు, అందరికీ అంత ముప్పు ఉండదు. ఎప్పుడో ఒక్కసారి తేలిగ్గా వచ్చి తగ్గినవాళ్లయితే మెల్లగా తగ్గించి, కౌన్సెలింగ్‌తో చూద్దామనేదాన్ని. నిరుడు మీకు జరిగింది విన్నాక ఆ మాట అనలేను.

ఇక బిడ్డ సంగతి. ఏ మందూ వాడని తల్లుల్లోనూ నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏదో ఒక లోపంతో పుడతారు. సెర్ట్రాలిన్ వల్ల ఆ సంఖ్య పెరుగుతుందని స్పష్టంగా తేలలేదు. అందరికీ చేసే టిఫా స్కాన్ మీరూ చేయించుకోండి. పుట్టాక కొందరు పిల్లలు కొన్ని రోజులు వణుకుతారు, చిరాగ్గా ఏడుస్తారు, పాలు సరిగా తాగరు. చాలామందికి అదే సర్దుకుంటుంది. ఊపిరితిత్తుల్లో బీపీ పెరిగే సమస్య మాత్రం తీవ్రమైనదే. అది మామూలుగా వెయ్యిమందిలో ఇద్దరికి వస్తే, ఈ మందు వాడినవాళ్ల పిల్లల్లో సుమారు ముగ్గురికి రావచ్చు. అందుకే పిల్లల డాక్టరున్న ఆసుపత్రిలో కాన్పు పెట్టుకోండి, రెండు రోజులు బిడ్డను గమనిస్తారు.

భయంతో మాత్రను సగం చేసుకోవద్దు. అప్పుడు బిడ్డకు మందూ చేరుతుంది, మీకు జబ్బూ తగ్గదు. చివరి నెలల్లో ఒంట్లో మందు పలచబడి, కొందరికి మోతాదు పెంచాల్సి వస్తుంది కూడా. పాలిచ్చేటప్పుడు ఇదే మందు కొనసాగించవచ్చు, పాలలోకి చాలా తక్కువ వెళ్తుంది.

ఈసారి అత్తయ్యగారినీ వెంట తీసుకెళ్లండి, ఆవిడ భయాన్నీ డాక్టరే విని జవాబు చెబుతారు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఇంట్లో చెప్పి ఆసుపత్రికి వెళ్లండి. టెలీ మానస్ 14416కు రాత్రి పగలు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.