పిల్లల మాటల మీద పని మొదలుపెట్టేముందు

చిరంజీవి శారదకు,

ఆశీస్సులు. నీ ప్రతిపాదన చదివాను. పిల్లలు వ్యాకరణం పుట్టుకతో తెచ్చుకుంటారా, విన్న మాటల్లోంచి కూడబెట్టుకుంటారా అన్న ప్రశ్నను తెలుగు పిల్లల మీద తేలుస్తానని రాశావు. ఒక పీహెచ్‌డీలో అంత పెద్ద ప్రశ్న తేలదు. రెండు వర్గాలూ వేర్వేరు జవాబులు చెప్పే చిన్న చోటు ఒకటి వెతికితే మాత్రం ఆ చోట ఏదో ఒకటి తేలుతుంది. అలాంటి చోటు తెలుగులో ఉంది. దాని గురించే ఈ ఉత్తరం.

ముందు నీ రెండో అధ్యాయం సంగతి. వ్యాకరణం పుట్టుకతో వస్తుందనే చామ్‌స్కీ ఇచ్చిన ఇంగ్లీషు ప్రశ్నవాక్యాల ఉదాహరణనే తెలుగులో పెట్టి చూస్తానన్నావు. అది కుదరదమ్మా. ఇంగ్లీషులో ప్రశ్న అడగాలంటే 'ఈజ్' వాక్యం మొదటికి రావాలి. వాక్యంలో రెండు 'ఈజ్'లు ఉంటే ఏది రావాలన్నదే అక్కడ చిక్కు. 1987లో క్రెయిన్, నకయామా మూడు నుంచి ఐదేళ్ల పిల్లల చేత అలాంటి ప్రశ్నలు అడిగించి చూశారు. పిల్లలు తప్పులైతే చేశారు కానీ వాక్యంలో ఇమిడిన చిన్న వాక్యం లోపలి 'ఈజ్'ను ముందుకు లాగే తప్పు చేయలేదు. మనకు ప్రశ్న అంటే చివర ఒక 'ఆ' చేర్చడమే. 'పొడుగ్గా ఉన్నాయన సంతోషంగా ఉన్నాడా?' అన్నదాంట్లో ఏదీ ఎక్కడికీ కదలదు. కదలిక లేని భాషలో కదలిక గురించిన ప్రశ్న అడిగితే జవాబుకు అర్థం ఉండదు.

ఆ ఇంగ్లీషు కథలో నీకు పనికొచ్చేది ఇంకొకటి ఉంది. పావర్టీ ఆఫ్ స్టిములస్ వాదం, అంటే పిల్లలు విన్నది చాలదు కాబట్టి వ్యాకరణం పుట్టుకతోనే ఉండాలన్న వాదం నిలబడాలంటే, పిల్లవాడికి ఆధారమయ్యే వాక్యాలు వాడి చెవిన పడనే లేదని చూపాలి. 2002లో పుల్లమ్, షోల్జ్ అడిగింది ఇదే: లేవని ఎవరు లెక్కపెట్టారు? లేవని చూపడం ఎంత కష్టమో ఒక లెక్క వేసి చూడు. పిల్ల రోజుకు పది గంటలు మాటల మధ్య ఉంటుందనుకో, వారానికి 70 గంటలు. ఒక రకం వాక్యం రోజుకొక్కసారి వినిపిస్తుందనుకుంటే ఏడాదికి 365 సార్లు, తక్కువేం కాదు. నువ్వు వారానికో గంట చొప్పున పది వారాలు రికార్డు చేస్తావు. ఆ పది గంటల్లో ఆ వాక్యం సగటున ఒక్కసారి దొరకాలి. అసలు దొరక్కపోయే అవకాశం మూడింట ఒక వంతు కంటే ఎక్కువే. అంటే ఏడాదికి 365 సార్లు విన్న వాక్యాన్ని నువ్వు 'ఇన్‌పుట్‌లో లేదు' అని రాసేస్తావు. 2004లో టొమసెల్లో, స్టాల్ ఈ శాంపిలింగ్ చిక్కునే వివరంగా రాశారు, అది తప్పక చదువు.

అదే చిక్కు, విన్న మాటల్లోంచే వ్యాకరణం వస్తుందనే వాడుక ఆధారిత వర్గాన్నీ వదలదు. నీ రికార్డింగుల్లో పిల్ల చేయించడం గురించి చెప్పే క్రియల్లో, అంటే ప్రేరణార్థకాల్లో, 'తినిపించు' ఒక్కటే వాడిందనుకో. 'ఈ పిల్లకు నియమం తెలియదు, ఒక్క మాటే తెలుసు' అని రాయాలనిపిస్తుంది. పెద్దవాళ్ల మాటల్లో కూడా కొన్ని క్రియలు పదేపదే వస్తాయి, మిగతావి ఒకటి రెండుసార్లు వచ్చి పోతాయి. అదే పది గంటల్లో తల్లి వాడినవీ లెక్కపెట్టు. ఆమెవీ రెండు మూడే తేలితే పిల్ల సంగతి నువ్వేమీ చెప్పలేవు.

అందుకే 'లేదు' మీద నిలబడే వాదం వద్దంటున్నాను. ఆధారం దండిగా ఉన్నా పిల్లలు దాన్ని పక్కనపెట్టి ఇంకోదాన్ని పట్టుకునే చోటు చూడు. మన పొరుగు భాష కన్నడంలో 2003లో జెఫ్రీ లిడ్జ్, హెన్రీ గ్లైట్‌మన్, లీలా గ్లైట్‌మన్ అచ్చం అలాంటి చోటునే పట్టుకున్నారు. మన 'ఇంచు' లాగే కన్నడానికి 'ఇసు' ఉంది. క్రియకు అది తగిలితే ఒకరు ఇంకొకరి చేత చేయించారని అర్థం. రెండు నామవాచకాలు ఉన్న వాక్యాలన్నీ చేయించడం గురించినవి కావు. 'పిల్లి ఎలకని చూసింది' అన్నదాంట్లో రెండున్నాయి, చేయించడం లేదు. పైగా కన్నడంలోనూ కర్తనీ కర్మనీ చెప్పకుండా వదిలేయడం మామూలే. విన్నదాన్నిబట్టే నేర్చుకుంటే పిల్లలు 'ఇసు'నే నమ్మాలి. తీరా మూడేళ్ల పిల్లల చేత బొమ్మ జంతువులతో వాక్యాలు ఆడించి చూస్తే, వాళ్లు నామవాచకాల సంఖ్యనే నమ్మారు. రెండుంటే, 'ఇసు' లేకపోయినా ఒక బొమ్మ చేత ఇంకో బొమ్మను కదిలించారు. ఒకటే ఉంటే, 'ఇసు' ఉన్నా పట్టించుకోలేదు. పాల్గొనేవాళ్లు ఎందరో అన్ని నామవాచకాలు ఉండాలన్న ఊహ పిల్లలకు ముందే ఉందని ఆ ముగ్గురూ తేల్చారు.

మరుసటి ఏడాదే ఆడెల్ గోల్డ్‌బర్గ్ జవాబిచ్చారు. మనుషులు అవసరమైనవాళ్లనే ప్రస్తావిస్తారన్న మామూలు తెలివి ఉంటే చాలు, ఇద్దరి పేర్లు వినగానే ఇద్దరికీ ఏదో పని ఉందని పిల్లవాడు అనుకుంటాడు, దానికి పుట్టుకతో వచ్చే వ్యాకరణం ఎందుకని ఆమె వాదం. నాకు ఈ అభ్యంతరం బలమైనదే అనిపిస్తుంది. నీ ప్రయోగం దీన్ని దాటి ఒక్క అడుగైనా ముందుకు వేయాలి.

ఆ అడుగు తెలుగులో వేయొచ్చు. ముందు 'ఇంచు' నిజంగా ఎంత నమ్మదగ్గదో లెక్క తేల్చు. మనకు ప్రేరణార్థకం ఒక్క దారిలో రాదు. తినిపించు, ఆడించు, నవ్వించు ఒక రకం. లేపు, తిప్పు, ఊపు ఇంకో రకం, వాటిలో పిల్లవాడికి విడిగా వినిపించే 'ఇంచు' లేదు. పడుకోబెట్టు, కూర్చోబెట్టు మూడో రకం, చిన్నపిల్లలున్న ఇంట్లో ఇవి పొద్దస్తమానం వినిపిస్తాయి. అటువైపు ప్రేమించు, ఆలోచించు, ప్రయత్నించు ఉన్నాయి, 'ఇంచు' ఉన్నా చేయించడం లేదు. కాబట్టి రెండు సంఖ్యలు కావాలి: 'ఇంచు' వచ్చినప్పుడు ఎన్నిసార్లు చేయించడమే అవుతోంది, చేయించడం గురించి మాట్లాడినప్పుడు ఎన్నిసార్లు 'ఇంచు' వస్తోంది. ఉదాహరణకు చేయించే వాక్యాలు 100 దొరికాయనుకో. వాటిలో 40కి 'ఇంచు' ఉంది, చేయించడం కాని 'ఇంచు' వాక్యాలు ఇంకో 10 ఉన్నాయి. అప్పుడు 'ఇంచు' వినిపిస్తే 50లో 40 సార్లు నిజం చెప్తోంది, కానీ 100లో 60 సార్లు అసలు వినిపించడమే లేదు. ఈ రెండో సంఖ్యను మర్చిపోతే, పిల్లలు మంచి ఆధారాన్ని వదిలేశారని నువ్వు ఆశ్చర్యపోతావు. నిజానికి అది వాళ్లకు సగం సార్లు కూడా అందలేదు. నామవాచకాల సంఖ్యకూ ఇవే రెండు లెక్కలు తియ్యి. ఈ పట్టిక లేకుండా బొమ్మల దగ్గరికి పోకు.

లెక్కపెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. ట్రాన్‌స్క్రిప్టులో 'ఇంచ' అని వెతికితే 'తినిపిస్తా', 'ఆడిస్తా' దొరకవు. చాలా ఇళ్లలో 'తినిపిచ్చింది' అంటారు, అదీ దొరకదు. పోనీ 'ఇస్తా' అని వెతికితే 'బిస్కెట్ ఇస్తా' వచ్చి పడుతుంది. ప్రతి క్రియకూ మూలరూపం పక్క గడిలో రాయించి, దాని మీద వెతుకు. అన్నం పెట్టే వేళా స్నానం వేళా ప్రేరణార్థకాలు గుంపుగా వస్తాయి కాబట్టి, ఏ వేళ రికార్డు చేశావో కూడా రాసిపెట్టు.

ఇక వాక్యాలు. నీ జాబితాలో 'సింహం గుర్రాన్ని ఎక్కింది' అని ఉంది. అది తీసెయ్యి. 'ఎక్కించింది' అనాల్సిన చోట 'ఎక్కింది' పెట్టాననుకున్నావు, కానీ సింహం గుర్రం మీదికి ఎక్కిందన్న అర్థం దానికి సలక్షణంగా ఉంది. 'దూకింది' కూడా వద్దు, గోడ దూకినట్టు గుర్రాన్ని దాటి దూకించేస్తారు పిల్లలు. ఇలా పక్కదారి అర్థం లేని క్రియలు కావాలి. 'పరిగెత్తు' బాగుంటుంది:

సింహం పరిగెత్తింది.
సింహం పరిగెత్తించింది.
సింహం గుర్రాన్ని పరిగెత్తింది.
సింహం గుర్రాన్ని పరిగెత్తించింది.

తెలంగాణ ఇళ్లలో అడిగేటప్పుడు 'ఉరికింది', 'ఉరికించింది' పెట్టు. ఇంట్లో వినని క్రియతో పరీక్షిస్తే నువ్వు కొలిచేది వేరే ఏదో అవుతుంది. జంతువుల్నే వాడు, అన్నయ్య బొమ్మా అక్క బొమ్మా వద్దు. 'పరిగెత్తించాడు', 'పరిగెత్తించింది' అన్న చివరి అక్షరాలే కర్త ఎవరో చెప్పేస్తాయి. జంతువులన్నిటికీ 'ఇంది' ఒక్కటే.

మూడో వాక్యంలో దాక్కున్న చిక్కు చూశావా? అందులో రెండో నామవాచకంతో పాటు 'ని' కూడా వచ్చింది. పిల్లవాడు సంఖ్యను నమ్మాడా, 'ని'ని నమ్మాడా? రెండూ విడదీయాలంటే ఇంకో రెండు వాక్యాలు చేర్చు: 'సింహం గుర్రంతో పరిగెత్తింది', 'గుర్రాన్ని పరిగెత్తింది'. మొదటిదాంట్లో నామవాచకాలు రెండు, 'ని' లేదు. రెండోదాంట్లో 'ని' ఉంది, నామవాచకం ఒకటే. రెండోది విని పిల్లవాడు ఏదో ఒక బొమ్మ చేత గుర్రాన్ని పరిగెత్తిస్తే, వాడు లెక్కపెట్టడం లేదు, విభక్తిని వింటున్నాడు. విభక్తి తెలుగు విని నేర్చుకోవలసిందే కాబట్టి అప్పుడు వాడుక వర్గానికి బలం. మొదటిదాంట్లో ఇద్దరూ కలిసి పరిగెత్తినా అదే దారి. అలా కాక సింహం చేత గుర్రాన్ని తోయిస్తే, 'తో'ను కూడా కాదని సంఖ్యను పట్టుకున్నట్టు. ఇద్దరికీ ఏదో పని ఉందన్న మామూలు తెలివి 'కలిసి పరిగెత్తడం'తోనే తీరిపోతుంది కాబట్టి, గోల్డ్‌బర్గ్ వాదం అక్కడ ఇబ్బందిలో పడుతుంది.

ఇంకో కొలత కూడా తీసుకో. ఇంట్లో తరచూ వినిపించే 'నవ్వించు'తోనూ, అరుదైన 'పరిగెత్తించు'తోనూ ఇవే వాక్యాలు పెట్టు. ఏది తరచుదో నీ పట్టికే చెప్తుంది. వాడుక వర్గం ప్రకారం తరచు వినే క్రియల్లో 'ఇంచు'ను ముందుగా గుర్తించాలి, అరుదైనవాటిలో ఆలస్యం కావాలి. సంఖ్య మీద నమ్మకం పుట్టుకతో వచ్చిందైతే ఆ నమ్మకం రెండు క్రియల్లోనూ ఒకేలా కనిపించాలి. రెండేళ్ల పిల్లల్నీ నాలుగేళ్ల పిల్లల్నీ విడివిడిగా చూడు, కలిపి సగటు తీస్తే ఈ తేడా మాయమైపోతుంది.

బల్ల మీద ఎప్పుడూ రెండు బొమ్మలు ఉంచు. 'సింహం పరిగెత్తించింది' అన్నప్పుడు గుర్రం కనబడకపోతే, పిల్లవాడికి తెలిసినా ఆడి చూపించలేడు. తప్పు వాక్యం చెప్పేటప్పుడు ఎంత జాగ్రత్తపడ్డా మన గొంతు తడబడుతుంది, పిల్లలు అది పసిగడతారు. అన్ని వాక్యాలూ ముందే రికార్డు చేసి వినిపించు. వీడియో చూసి మార్కులు వేసేవాళ్లు ఇద్దరుండాలి, సౌండ్ ఆపేసి చూడాలి. ఒక బొమ్మ ఇంకో బొమ్మను తాకి కదిలిస్తేనే 'చేయించింది' అని రాయాలి. పిల్లవాడు తన చేత్తో రెండు బొమ్మల్నీ పరిగెత్తిస్తే అది వేరే గడిలోకి పోవాలి.

మొదట పెద్దవాళ్లు కొందరి మీద ఆరు వాక్యాలూ పెట్టి చూసి, ఆ వీడియోలు నాకు పంపు. 'గుర్రాన్ని పరిగెత్తింది' విని పెద్దవాళ్లు ఏం చేస్తారో చూశాకే పిల్లల దగ్గరికి వెళ్దువుగాని.

ఇట్లు,
మీ మాస్టారు