A రేటింగ్ అంటే ఫస్ట్ క్లాస్ కాదు

"అన్నా, యాప్‌లో ఒక బాండ్ ఏడాదికి 11% ఇస్తోంది, రేటింగ్ A అని ఉంది. A అంటే మంచిదే కదా, ఎఫ్‌డీ తీసేసి పెట్టొచ్చా?"

ఆ A ని మార్కుల మెమోలో గ్రేడ్‌లా చదవకు తమ్ముడూ, కంపెనీ అప్పు టైంకి తీరుస్తుందా లేదా అని రేటింగ్ ఏజెన్సీ చెప్పే అంచనా అది. పైనుంచి AAA, AA, ఆ తర్వాత మూడో మెట్టు A, దాని కింద BBB. BBB- తో ఇన్వెస్ట్‌మెంట్ గ్రేడ్ అయిపోతుంది, BB+ నుంచి కిందంతా స్పెక్యులేటివ్, అంటే ఎగ్గొట్టే రిస్క్ ఎక్కువున్నవి, అట్టడుగున D అంటే ఆల్రెడీ ఎగ్గొట్టాడని. చెప్పిన తారీఖుకి ఒక్క రూపాయి తక్కువిచ్చినా, ఒక్క రోజు లేటైనా D నే.

ఇప్పుడు వడ్డీ సంగతి. అంతే గడువున్న గవర్నమెంట్ బాండ్ 7% ఇస్తుంటే నీది 11%, ఆ మధ్యలో 4% ఉంది చూడు, అదే క్రెడిట్ స్ప్రెడ్. వాడు ఎగ్గొడితే పోయేదానికీ, అర్జెంటుగా అమ్ముదామంటే కొనేవాడు దొరకనిదానికీ కలిపి ముందే నీకిస్తున్న కూలి అది. సరిపోతుందా అంటే లెక్కెయ్. ఇలాంటి 100 కంపెనీల్లో తలా 100 రూపాయలు ఏడాదికి పెట్టావనుకో, గవర్నమెంట్‌లో అయితే గ్యారంటీగా 10,700 వచ్చేది. ఇక్కడ 5 కంపెనీలు మునిగి వాటిల్లో వందకి 40 చొప్పునే వెనక్కొస్తే మొత్తం 10,745, పర్లేదు, అదే 6 మునిగితే 10,674, అంటే ఎక్స్‌ట్రా వడ్డీ మొత్తం పోయి ఇంకా కొంచెం చేతి నుంచి పడ్డట్టు. నువ్వేమో వందలో కాదు, ఒక్కదాన్లోనే పెడతానంటున్నావ్.

నేనూ అలాగే ఇరుక్కున్నా. 2019లో ఒక ఫైనాన్స్ కంపెనీ ఎన్‌సీడీ, అంటే షేర్లుగా మారని కంపెనీ బాండ్, 10.25%, రేటింగ్ AA-, నీదానికంటే పై మెట్టే. రెండేళ్లు మిగిలుండగా ఒకరోజు ఎక్స్చేంజ్‌లో చూస్తే 1000 రూపాయల బాండ్ 880 కి అమ్ముతున్నారు, రేటింగ్ మాత్రం కదల్లా. ఆ రేటుకి కొని చివరిదాకా ఉంచుకున్నవాడికి యీల్డ్, అంటే ఏడాదికి వచ్చే రాబడి, దాదాపు 18% పడుతుంది, అంటే నేను కొన్నప్పుడు 3 చిల్లరున్న స్ప్రెడ్ 11 అయింది, మార్కెట్ అప్పుడే భయపడిపోయింది. నేనేమో రేటింగ్ బాగుంది కదా అని కూర్చున్నా. నెలన్నరకి A కి దించారు, ఆ తర్వాత వడ్డీ తారీఖు దాటింది, డైరెక్ట్ గా D. ఏళ్ల తరవాత వెయ్యికి 430 వచ్చాయి. ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద ఇన్‌ఫ్రా ఫైనాన్స్ కంపెనీ అయితే 2018 ఆగస్టు మొదట్లో కూడా AAA, సెప్టెంబర్‌లో D.

అందుకని ముందు ఆ రేటింగ్ ఇచ్చిన ఏజెన్సీ సైట్‌లో నీ బాండ్ కంపెనీ రేటింగ్ రేషనేల్, అంటే ఆ రేటింగ్ ఎందుకిచ్చారో రాసిన నోట్, తెరువు, ఫ్రీనే. రేటింగ్ ఎటు కదలొచ్చో చెప్పే అవుట్‌లుక్ "నెగటివ్" అనో "వాచ్" అనో ఉందా, వచ్చే ఏడాదిలో కట్టాల్సిన అప్పులెంత, చేతిలో క్యాష్ ఎంత, ఈ మూడూ చూడు. తర్వాత అదే కంపెనీ పాత బాండ్లు ఎక్స్చేంజ్‌లో ఏ యీల్డ్‌కి నడుస్తున్నాయో చూడు, అవి 14 దగ్గరుంటే నీకు 11కి అమ్ముతున్నవాడిని ఎందుకని అడుగు.