పొలంతో పాటు బోరునూ దారినీ పంచుకోండి

తిరుపతి

చిరంజీవి మురళికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. నాన్న సంవత్సరీకం అయింది కాబట్టి ముగ్గురూ కూర్చుని ఆస్తి పంచుకోవాలనుకుంటున్నారని, వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఊరి పెద్దల ఎదుట రాసుకుంటే చాలునేమోనని అడిగావు. చాలదు. ఎవరి భాగం వారికి చెందుతుందని రాసిన పంపకాల కాగితాన్ని రిజిస్టరు చేయించకపోతే, రేపు కోర్టులో అది హక్కుకు రుజువుగా నిలవదు. భాగ పరిష్కార దస్తావేజు రాయించి, సబ్ రిజిస్ట్రారు ముందు అందరూ సంతకాలు పెట్టి రిజిస్టరు చేయించండి. అందులో ఏమేమి ఉండాలో వివరంగా రాస్తున్నాను. కొన్ని నేను, మీ నాన్న నష్టపోయి నేర్చుకున్నవి.

ముందు ఎవరి పాలు ఎంతో తేల్చుకోండి. చంద్రగిరి దగ్గరి 4 ఎకరాల 80 సెంట్లు మీ తాతగారిది. 1991లో నేను, మీ నాన్న రిజిస్టరు దస్తావేజు ద్వారా పంచుకున్నప్పుడు మీ నాన్న భాగానికి వచ్చింది. అది పిత్రార్జితం. అందులో మీ నాన్నకు, నీకు, శేఖర్‌కు, లక్ష్మికి సమానంగా నాలుగు పాళ్ళు. లక్ష్మికి ఎందుకని అడగవద్దు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమానమైన హక్కు వచ్చింది. తండ్రి ఎప్పుడు చనిపోయాడన్నదానితో ఆ హక్కుకు సంబంధం లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఇక మీ నాన్న పాలు పావు వంతు. అది మీ అమ్మతో కలిపి నలుగురు వారసులకు మళ్ళీ సమానంగా వస్తుంది. అంటే మొత్తంలో పదహారో వంతు మీ అమ్మది, పదహారింట ఐదేసి వంతులు మీ ముగ్గురివి. 480 సెంట్లలో అమ్మకు 30, మీకు ఒక్కొక్కరికి 150 సెంట్లు.

తిరుపతిలోని ఇంటి లెక్క వేరు. అది మీ నాన్న తన జీతంతో కొన్నది, స్వార్జితం. వీలునామా రాయలేదు కాబట్టి అమ్మకు, మీ ముగ్గురికి తలా పావు. ఈ రెండింటినీ కలిపి ‘మా ఉమ్మడి ఆస్తి’ అని ఒక్క వాక్యంలో రాయించవద్దు. పొలం ఎలా వచ్చింది, ఇల్లు ఎలా వచ్చింది, ఏ దస్తావేజు నంబరు, ఏ సంవత్సరం అన్నది మొదటి పేజీలోనే విడివిడిగా ఉండాలి. పాళ్ళ లెక్క సరైనదా కాదా అని రేపు ఎవరైనా చూడాలంటే ఆ చరిత్రే ఆధారం.

లక్ష్మి సంగతి మరికొంత చెప్పాలి. పెళ్ళిలో పసుపు కుంకుమ ఇచ్చేశాం కదా, ఒక సంతకం పెట్టించుకుంటే చాలని శేఖర్ అన్నట్టు రాశావు. అది నాకు బాధ కలిగించింది. పెళ్ళిలో ఇచ్చింది ఆమె పాలు తీరినట్టు కాదు. ఆమెను వదిలేసి మీరిద్దరే రాసుకుంటే ఆ దస్తావేజుకు ఆమె కట్టుబడదు, మీ పంపకాన్ని తర్వాత కోర్టులో ప్రశ్నించవచ్చు. రేపు అప్పు కోసం వెళితే బ్యాంకు న్యాయవాది మొదట అడిగేది కూడా ‘ఆడపిల్ల సంతకం ఏది?’ అనే. ఆమెకు తక్కువ తీసుకోవాలని ఉంటే, తన పాలు ఇంత అని తెలిసి, తానుగా చెప్పాలి. ఆ మాట అలాగే రాయాలి. బెంగళూరు నుంచి ఆమెను పిలిపించి, చిత్తుప్రతి చదివి వినిపించండి.

అమ్మ భాగం ఆమె పేరు మీదే ఉంచండి. ముప్పై సెంట్లే కదా అని ఆమె చేత హక్కు వదిలించుకోవద్దు. ఆ 30 సెంట్లు బోరు పక్కన ఆమె పేర ఒక షెడ్యూలుగా చూపించండి. తర్వాత ఎవరికి ఇవ్వాలన్నది ఆమె ఇష్టం, వీలునామా రాసుకోవచ్చు. ఇంట్లో కింది అంతస్తులో ఆమె ఉంటున్న వాటాను ఆమె పావు భాగంగా, హద్దులతో సహా రాయించండి. నెలకు ఎవరు ఎంత ఇవ్వాలో, ఆసుపత్రి ఖర్చు ఎవరెవరు ఎలా భరించాలో కూడా అందులోనే ఉండాలి.

మిగిలిన ఇంటిని నీవే ఉంచుకుంటానన్నావు. మాట వరసకు ఇంటి విలువ 40 లక్షలు అనుకుందాం. శేఖర్‌కు, లక్ష్మికి చెరో 10 లక్షలు నీవు ఇవ్వాలి. ఈ హెచ్చుతగ్గుల సర్దుబాటు సొమ్ము దగ్గరే మంచి కుటుంబాలు కూడా దెబ్బతిన్నాయి. ఇవ్వకుండానే ‘ముట్టినది’ అని రాయించడం, తర్వాత ఇవ్వలేకపోవడం జరుగుతుంటుంది. డబ్బు సిద్ధంగా ఉంటే సంతకాల రోజునే డిమాండ్ డ్రాఫ్టు ఇచ్చి, దాని నంబరు, తేదీ, బ్యాంకు దస్తావేజులో రాయించు. సిద్ధంగా లేకపోతే గడువు రాసి, అది తీరే వరకు నీ భాగానికి వచ్చిన ఇల్లే ఆ సొమ్ముకు హామీ అని, అంటే దాని మీద ఛార్జి ఉంటుందని ఒప్పుకో. ఇవ్వాల్సినవాడివి నీవే కాబట్టి ఆ షరతు నీ నోట రావాలి.

ఇంటి స్థలం కొలత రాసేటప్పుడు ఒక జాగ్రత్త. మన తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు. నెల్లూరులో 72. మీ స్థలం 40 అంకణాలు, అంటే 1,440 చదరపు అడుగులు, 160 చదరపు గజాలు. ఉత్త ‘40 అంకణాలు’ అని రాస్తే కొత్తవాడు రెట్టింపు అనుకునే ప్రమాదం ఉంది. గజాలలో కూడా రాయించు. పాత దస్తావేజులలో చిత్తూరు జిల్లా అని ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి మనం తిరుపతి జిల్లా. రెండూ పేర్కొంటే పాతదానికీ కొత్తదానికీ లంకె తెగదు. మీ ఊళ్ళో రీసర్వే అయి ఉంటే పాత సర్వే నంబరుతో పాటు అందులో మీ భూమికి ఇచ్చిన ఎల్‌పీఎం నంబరు కూడా వేయించు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1991 నాటి మా దస్తావేజులో హద్దులు, కొలతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. బోరు గురించి మాత్రం ‘ఉభయులకూ ఉమ్మడి’ అన్న రెండు మాటలే ఉన్నాయి. ఏడెనిమిదేళ్ళకు బోరు ఎండింది. కొత్తది ఎవరి పొలంలో వేయాలి, ఖర్చు ఎవరిది అన్నది కాగితంలో లేదు. నా మామిడి చెట్లు ఎండిపోతుంటే ఆ కోపంలో మీ నాన్నను నేను అనరాని మాటలు అన్నాను. నాలుగేళ్ళు మేమిద్దరం మాట్లాడుకోలేదు. మీ అత్త కూతురి పెళ్ళికి ఆయన వస్తాడని తెలిసి నేను వెళ్ళలేదు. ఆ నాలుగేళ్ళు నాకు తిరిగి రావు. ఒక్క పేరా రాయించి ఉంటే సరిపోయేది.

ఆ పేరా ఇది. బోరు ఏ సర్వే నంబరులో, ఎవరి భాగంలో ఉంది. మోటారు ఎన్ని హార్స్‌పవర్లు, కరెంటు సర్వీసు నంబరు ఎంత, అది ఎవరి పేర ఉంది. నీరు ఎవరికి ఏయే రోజులు. మీ ముగ్గురికీ రెండేసి రోజులు, ఏడో రోజు అమ్మ భాగానికి అంటే సులువుగా ఉంటుంది. మోటారు కాలితే, పైపు పగిలితే ఖర్చు ఏ నిష్పత్తిలో. ఒకరు ఇవ్వకపోతే మిగిలినవారు బాగు చేయించి, ఆ సొమ్ము రాబట్టుకునే హక్కు. పైపులైను ఎవరి పొలంలోంచి పోతుంది, దాన్ని తవ్వి బాగు చేసుకోవడానికి లోపలికి వెళ్ళే హక్కు. బోరు ఎండితే ఏం చేయాలన్నది అన్నింటికంటే ముఖ్యం. భూగర్భ జలాలను కాపాడే వాల్టా చట్టం వచ్చాక కొత్త బోరుకు అనుమతి కావాలి, పాత బోర్లకు ఎంత దూరంలో ఉందో చూస్తారు. ఎవరికి వారు పక్కపక్కనే వేసుకుందామంటే కుదరకపోవచ్చు. అందుకే కొత్తది కూడా ఉమ్మడిగానే, ఫలానా చోట, అదే నిష్పత్తి ఖర్చుతో అని ముందే రాసుకోండి. ఈ హక్కులు వారసులకు, కొనుగోలుదారులకు కూడా వర్తిస్తాయని చివర చేర్చండి. లేకపోతే ఒకరు అమ్ముకున్న మరునాడే నీటి గొడవ మొదలవుతుంది.

దారి కూడా అంతే. ‘రాకపోకలకు దారి కలదు’ అంటే సరిపోదు. మీ పొలానికి రోడ్డు ఉత్తరం వైపే ఉంది. దక్షిణం భాగం తీసుకున్నవారికి ట్రాక్టరు పోవాలంటే 12 అడుగులు కావాలి. పొడవు 330 అడుగులు అనుకుంటే 3,960 చదరపు అడుగులు, సుమారు 9 సెంట్లు. ఈ తొమ్మిది సెంట్లను ముందుగా మొత్తంలోంచి తీసి, మిగిలిన 471 సెంట్లను పాళ్ళు వేస్తే ఒక్కొక్కరికి మూడు సెంట్ల లోపే తగ్గుతుంది, ఎవరికీ బరువు కాదు. అలా తీయకపోతే దారి ఎవరి భాగంలో పడితే వారొక్కరే నష్టపోతారు, పది సంవత్సరాలకు కంచె వేస్తారు. దస్తావేజుకు జతచేసే పటంలో ఆ దారిని వేరే రంగులో గీయించి, దాని మీద అందరూ సంతకాలు పెట్టండి.

చేయవలసిన పనులు ఎక్కువ లేవు, వరుస మాత్రం తప్పకూడదు. సర్వేయరు చేత కొలిపించి, రాళ్ళు పాతించిన తర్వాతే దస్తావేజు రాయించండి. ముందు రాసి తర్వాత కొలిస్తే కాగితానికీ నేలకూ పొంతన కుదరదు. ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే ఈసీ తీసి, పొలం మీద నాన్న తెచ్చిన పంట రుణం మిగిలి ఉందేమో చూడండి. ఉంటే ఎవరు తీర్చాలో రాయండి. స్టాంపు డ్యూటీ అన్నింటికంటే పెద్ద భాగాన్ని వదిలి మిగిలిన భాగాల విలువ మీద లెక్కిస్తారు కాబట్టి, మొత్తం ఆస్తి విలువ చూసి భయపడవద్దు. సంతకాలు పెట్టిన నాలుగు నెలల లోపు రిజిస్ట్రేషనుకు ఇవ్వాలి. అసలు దస్తావేజు ఒకరి దగ్గర ఉంచి, మిగిలినవారు అడిగినప్పుడు చూపించాలన్న షరతు పెట్టి, తలా ఒక సర్టిఫైడ్ నకలు తీసుకోండి. తర్వాత ఎవరి భాగానికి వారు రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు, అంటే మ్యుటేషన్ చేయించుకుని, హక్కుల రికార్డయిన 1-బీ లో పేర్లు విడివిడిగా వచ్చాయో లేదో చూసుకోవాలి. నాన్న పేరే ఉండిపోయిందని ఐదేళ్ళకు తెలుసుకునేవారిని చాలామందిని చూశాను.

ఇంకొకటి మిగిలింది. పంపకంలో దృష్టికి రాని ఆస్తి ఏదైనా తర్వాత బయటపడితే, అదీ ఇవే పాళ్ళ ప్రకారం పంచుకుంటామని ఒక వాక్యం వేయించండి. మీ తాతగారి పేర ఊళ్ళో ఒక చిన్న గడ్డివామి స్థలం ఉండేది, దాని కాగితాలు ఇంకా ఎక్కడో ఉన్నాయి.

సర్వేయరు వచ్చే రోజు ముందుగా నాకు ఫోను చెయ్యి. మీ పొలం తూర్పు గట్టున చింతచెట్టు మొదట్లో 1991లో నేను, మీ నాన్న కలిసి పాతిన రాయి ఉంది. ఇప్పుడు మట్టిలో పూడిపోయి ఉంటుంది, ఎక్కడుందో నేను చూపిస్తాను. లక్ష్మిని కూడా ఆ రోజే రమ్మని చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న