బిల్లు మొత్తం మిగలదు

ప్రశ్న: మా పాఠశాలకు నెలకు సగటున 6,000 యూనిట్లు కాలుతాయి. యూనిట్‌కు 9 రూపాయల చొప్పున 54,000, డిమాండ్ చార్జీ 12,000, కలిపి 66,000 బిల్లు. 27.5 లక్షలతో 50 కిలోవాట్ల సోలార్ పెడితే మూడున్నరేళ్లలో పెట్టుబడి వెనక్కొస్తుందంటున్నారు. ఏడాదికి 220 రోజులే బడి ఉంటుంది. నమ్మొచ్చా?

జవాబు: ఆ మూడున్నరేళ్లు ఎలా వచ్చాయంటే, మీ ఏడాది బిల్లు 7.92 లక్షలతో 27.5 లక్షలను భాగించారు. లోడ్‌ను బట్టి కట్టే డిమాండ్ చార్జీ సోలార్ పలకలు పెట్టినా పోదు. మబ్బు పట్టినప్పుడు, సాయంత్రం లైట్లు వేసినప్పుడు మీ లోడ్‌ను మోసేది గ్రిడ్డే కదా. కాబట్టి తగ్గేది యూనిట్ల ఖర్చు మాత్రమే.

ఎండ బాగా కాసే చోట కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు వేసుకోవచ్చు. అంటే 50 కిలోవాట్లకు ఏడాదికి సుమారు 72,000. మీరు వాడేదీ అంతే కాబట్టి లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. చిక్కంతా సెలవులతోనే. 145 రోజులు తరగతులు ఉండవు, ఎండ మాత్రం ఉంటుంది.

ఎండవేళ బడి రోజున 160 యూనిట్లు, సెలవు నాడు 20 వాడతారనుకుందాం. అప్పుడు మీరు నేరుగా వాడుకునేది 38,100 యూనిట్లు. మిగతా 33,900 గ్రిడ్‌కు పోతాయి. వాటికి 3 రూపాయలే ఇస్తే ఏడాది ఆదా 4,44,600. శుభ్రత, బీమా, మరమ్మతులకు 40,000 తీసేస్తే 4,04,600. పెట్టుబడి రావడానికి దాదాపు ఆరేళ్ల పది నెలలు పడుతుంది. అదే గ్రిడ్‌కు పోయిన యూనిట్లను ఏడాది పొడవునా బిల్లులో యూనిట్‌కు యూనిట్ సర్దితే, నాలుగున్నరేళ్లు చాలు. పలకలు అవే, ఎండ అదే. తేడా అంతా మీటరింగ్ నిబంధనది. అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ నిబంధనను విద్యుత్ సంస్థ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. మిగులు యూనిట్లు నెలాఖరుకే రద్దవుతాయా, వచ్చే నెలకు జమవుతాయా అన్నదీ అందులో ఉండాలి. నెలాఖరుకే రద్దయితే వేసవి సెలవుల్లో తయారైనదాంట్లో చాలా భాగం పోయినట్టే.

నేను వేసుకున్న 160, 20 మీవి కావు. ఒక వారం ఉదయం 9కి, సాయంత్రం 4కి మీటరు రీడింగ్ రాసుకోండి, ఆదివారం సహా. ఆ అంకెలు పెట్టి పై లెక్క మళ్లీ వేయండి. సర్దుబాటు లేకపోతే 30 కిలోవాట్లకు కూడా కొటేషన్ అడగండి. తిరిగొచ్చే కాలం పెద్దగా తగ్గకపోవచ్చు కానీ ఇరుక్కునే సొమ్ము తగ్గుతుంది.

కొటేషన్‌లో ఇన్వర్టర్ వారంటీ ఎన్నేళ్లో చూడండి. పలకలు 25 ఏళ్లు నడిచినా ఇన్వర్టర్‌ను 10–12 ఏళ్లకు మార్చాల్సి వస్తుంది, దానికి ఏటా కొంత పక్కన పెట్టాలి. 50 కిలోవాట్లకు నీడ పడని కప్పు సుమారు 5,000 చదరపు అడుగులు కావాలి. ఉదయం 9కి, మధ్యాహ్నం 3కి మేడ మీదికెళ్లి నీళ్ల ట్యాంకు నీడ ఎక్కడ పడుతోందో సుద్దముక్కతో గీయించండి. పలకలు వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి, ఒక్కదాని మీద నీడ పడ్డా ఆ వరుస మొత్తం ఉత్పత్తి తగ్గవచ్చు.